అమ్మానాన్నలు ఎక్కగలిగే కారు

వయసు మళ్ళిన తల్లిదండ్రుల కోసం కారు చూడటానికి షోరూమ్‌కు బయలుదేరుతుంటే ముందు ఒక టేపు జేబులో వేసుకోండి. మైలేజీ ఎంతో, ఇంజిను ఎన్ని సీసీలో, ఎయిర్‌బ్యాగులు ఎన్నో బ్రోషర్లో దొరుకుతాయి. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రం దాదాపు ఏ బ్రోషర్లోనూ కనిపించదు. డెబ్బై దాటిన మనిషి ఆ కారులో ఊరంతా తిరుగుతారా, లేక దానిమీద కవరు కప్పి మళ్ళీ ఆటో పిలుచుకుంటారా అన్నది చాలాసార్లు ఆ ఒక్క కొలత మీదే ఆధారపడుతుంది.

బ్రోషర్లో ఉండే గ్రౌండ్ క్లియరెన్స్ చూసి చాలామంది పొరబడతారు. అది కారు అడుగుభాగానికీ రోడ్డుకూ మధ్య ఉండే ఖాళీ. గుంతల్లో కింద తగలకుండా పోతుందా లేదా అన్నది మాత్రమే దానివల్ల తెలుస్తుంది. మనిషి కూర్చునే చోటు ఎత్తు వేరే సంగతి. ఒకే గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న రెండు కార్లలో సీట్ల ఎత్తు మూడు, నాలుగు అంగుళాలు తేడా ఉండొచ్చు. డ్రైవరు పక్క తలుపు తీసి, ముందు సీటు కుషన్ బయటి అంచు నుంచి నేలకు టేపు జారవిడిచి చూస్తే ఆ లెక్క అర నిమిషంలో తేలుతుంది.

ఈ ఎత్తుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే మోకాలు పనిచేసే తీరే అలాంటిది. తక్కువ ఎత్తు సీట్లో కూర్చుంటే మోకాళ్ళు నడుంకన్నా పైకి వస్తాయి. అక్కడి నుంచి లేవాలంటే బాగా ముడుచుకున్న మోకాలి మీద ఒంటి బరువంతా మోపి, తొడ కండరాల బలంతో పైకి రావాలి. మోకాలు ఎంత ముడుచుకుంటే చిప్ప వెనక కీలు మీద అంత ఒత్తిడి పడుతుంది. కీలు అరిగినవాళ్ళకు కలుక్కుమనేది సరిగ్గా అప్పుడే. కూర్చునేటప్పుడూ ఇదే బాధ. కొంతవరకు నెమ్మదిగా వంగుతారు, ఆఖరి నాలుగు అంగుళాలు కండరాలు పట్టు వదిలేస్తాయి, దాంతో ధబ్బున కూలబడతారు. ఎముకలు గుల్లబారిన వయసులో ఆ కుదుపు వెన్నుపూసకు మంచిది కాదు.

ఇంట్లో కుర్చీ పద్దెనిమిది అంగుళాల ఎత్తుంటే పెద్దవాళ్ళు బాగానే లేస్తారు కదా, కారులో అదే ఎత్తు ఎందుకు చాలదు అని అడగొచ్చు. కుర్చీలోంచి లేచేటప్పుడు మనం తెలియకుండానే పాదాలను వెనక్కి లాక్కుంటాం, కుర్చీ కిందికి. ముందుకు వంగగానే బరువు పాదాల మీదికి వస్తుంది, మనిషి లేస్తాడు. కారులో పాదాలు వెనక్కి రావు. సీటుకూ నేలకూ మధ్య తలుపు కింది గడప అడ్డం. పాదాలు ఆ గడప అవతల ఎక్కడో ఉంటాయి, నడుం ఇవతల సీట్లో ఉంటుంది. అంత దూరం నుంచి పైకి లేవాలి కాబట్టి కారు సీటు ఇంట్లో కుర్చీకన్నా కొన్ని అంగుళాలు ఎత్తుగా ఉంటేనే సుఖం. గడప ఎంత వెడల్పుంటే అంత కష్టం. అందుకని టేపుతో రెండో కొలతగా గడప బయటి అంచు నుంచి సీటు అంచు వరకు ఎంతుందో కూడా చూడండి.

అయితే ఎత్తు ఎంతుంటే అంత మేలు అనుకుంటే ఇంకో ఇబ్బంది వస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పిల్లలు, ముఖ్యంగా విదేశాల్లో ఉండి ఇక్కడి తల్లిదండ్రులకు కారు కొనిచ్చేవాళ్ళు, ప్రేమకొద్దీ తప్పు కారు ఎంచుకుంటున్నారు. మా పెద్దమ్మావాళ్ళింట్లో జరిగింది చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

వాళ్ళు తెనాలిలో ఉంటారు. పెదనాన్నగారికి 77 ఏళ్ళు, పెద్దమ్మకు 74. ఆయనది అయిదడుగుల ఏడంగుళాల ఎత్తు, ఆమెది సరిగ్గా అయిదడుగులు. పెద్దమ్మకు రెండు మోకాళ్ళూ అరిగాయి, ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు. పెదనాన్నగారు ఇప్పటికీ తనే నడుపుతారు. ఊళ్ళో పనులకు, నెలకోసారి గుంటూరు ఆస్పత్రికి, ఎప్పుడైనా విజయవాడ బంధువుల ఇంటికి. పాత కారు పని అయిపోయింది. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, అంటే వాళ్ళబ్బాయి, ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీ ఒకటి ఎంచాడు. గట్టి బండి, ఎత్తుగా కూర్చుంటారు, రోడ్డు బాగా కనిపిస్తుంది అన్నాడు. టెస్ట్ డ్రైవ్ బండి ఇంటి ముందుకు వచ్చింది.

పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. ఒక చెయ్యి తలుపు మీద వేసింది, ఎడమ కాలు ఎత్తబోయింది, దించేసింది. టేపు పెట్టి చూస్తే గడపే నేల నుంచి పందొమ్మిది అంగుళాలుంది. మన ఇళ్ళలో మెట్టు ఎత్తు ఆరేడు అంగుళాలకు మించదు. అంటే ఆమె రెండున్నర మెట్ల పైన చాలా ఎత్తును ఒకే అడుగులో ఎక్కాలి, అదీ అరిగిన ఒంటి మోకాలి మీద బరువు వేసి. సీటు ముప్ఫై రెండు అంగుళాల ఎత్తులో ఉంది. షోరూమ్ కుర్రాడు పక్క మెట్టు పెట్టిస్తామన్నాడు. పెద్దమ్మ నావైపు తిరిగి, "ఒరే నాన్నా, మెట్టు ఉన్నా ఇది ఎక్కాలంటే నేను చీర మోకాళ్ళ దాకా ఎత్తుకోవాలి. గుడి ముందు, పెళ్ళిపందిరి ముందు ఆ పని నావల్ల కాదురా" అంది.

కార్ల గురించి రాసేవాళ్ళెవరూ చీర సంగతి పట్టించుకోరు. మన ఇళ్ళలో డెబ్బై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువమంది చీరే కడతారు, కాబట్టి కొలత చీరతోనే తీయాలి. ప్యాంటు వేసుకున్న మనిషి ఒక కాలు లోపల పెట్టి, ఒంగి, పక్కకు జరిగి కూర్చుంటాడు. చీరలో కాళ్ళు అంత వెడల్పుగా చాచడం కుదరదు. కుచ్చిళ్ళు గడపకు రాసుకుంటాయి, వానాకాలమైతే గడప మీది బురదంతా అంచుకే. గట్టిగా అడుగేస్తే కుచ్చిళ్ళు కాలికింద పడి జారే ప్రమాదం కూడా ఉంది. పంచె కట్టే మగవాళ్ళకూ ఇదే ఇబ్బంది. పక్క మెట్టు విషయానికొస్తే, అది పెద్ద అడుగును రెండుగా చేస్తుంది, నిజమే. కానీ దాని వెడల్పు తక్కువ, తడిస్తే జారుతుంది. పైగా దానిమీద నిలబడి వెనక్కి తిరిగి కూర్చోవడం కుదరదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కారెక్కాల్సిన పద్ధతి వెనక్కి తిరిగి కూర్చోవడమే.

ఫిజియోథెరపీ చేసేవాళ్ళు నేర్పే ఆ పద్ధతి ఇది. కారుకు వీపు పెట్టి నిలబడాలి. పిక్కలకో తొడలకో సీటు అంచు, గడప తగిలేదాకా వెనక్కి జరగాలి. ఒక చెయ్యి సీటు మీద, ఇంకో చెయ్యి తలుపు చట్రం మీద ఆనించి, తల కాస్త వంచి, ముందు నడుం సీటు మీద పెట్టాలి. కుదురుగా కూర్చున్నాక రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు ఇదే క్రమం వెనక నుంచి ముందుకు. బట్ట సీటు మీద తిరగడం కష్టమైతే ఒక ప్లాస్టిక్ కవరు సీటు మీద పరిచి కూర్చుంటే ఒళ్ళు తేలిగ్గా తిరుగుతుంది. బండి కదిలేలోపు ఆ కవరు తీసేయాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకు జారిపోతారు. మోకాలి కీలు, తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళకు ఆస్పత్రిలో చెప్పేదీ ఇదే. తుంటి మార్పిడి అయినవాళ్ళను కొంతకాలం తక్కువ ఎత్తు సీట్లలో అసలు కూర్చోవద్దంటారు.

ఇలా వెనక్కి తిరిగి కూర్చోవాలంటే సీటు ఎంత ఎత్తులో ఉండాలో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మనిషిని రోజూ వేసుకునే చెప్పులతో గోడకు ఆనుకుని నిలబడమనండి. మోకాలి వెనక మడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి. తర్వాత పిరుదుల కింది మడత ఎంత ఎత్తులో ఉందో చూడండి. మోకాలి మడత కొలతకు నాలుగున్నర అంగుళాలు కలిపితే సీటు అంతకన్నా కిందికి ఉండకూడదన్న హద్దు వస్తుంది. పిరుదుల మడత కొలత నుంచి రెండంగుళాలు తీసేస్తే అంతకన్నా పైకి ఉండకూడదన్న హద్దు వస్తుంది. ఇది శాస్త్రగ్రంథాల సూత్రమేమీ కాదు, పనికొచ్చే మోటు లెక్క. కానీ బాగానే పనిచేస్తుంది.

పెద్దమ్మకు మోకాలి మడత పదిహేనున్నర అంగుళాలు, పిరుదుల మడత ఇరవై ఆరు. అంటే ఆమెకు ఇరవై నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్య సీటు కావాలి. పెదనాన్నగారికి పదిహేడున్నర, ముప్ఫై. ఆయనకు ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా ఏదైనా సరిపోతుంది. ఇద్దరికీ కలిసేది ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు. అన్నయ్య ఎంచిన బండి సీటు ముప్ఫై రెండు. ఇంటి పక్కనే ఒకాయన దగ్గరున్న సెడాన్ సీటు కొలిస్తే పందొమ్మిది. అందులో కూర్చున్న పెద్దమ్మను పైకి లేపడానికి ఇద్దరం చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. మూడోరోజు చూసిన ఎత్తయిన హ్యాచ్‌బ్యాక్ సీటు ఇరవై మూడున్నర, గడప పదిహేను. ఆమె వీపు తిప్పి, అలా ఆనుకున్నట్టే కూర్చుంది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.

మన దేశంలో ఈ ఎత్తయిన హ్యాచ్‌బ్యాక్‌లు కొత్తేమీ కాదు. 1998లో వచ్చిన హ్యుందాయ్ సాంట్రో, 1999లో వచ్చిన మారుతి వ్యాగన్ ఆర్ ఈ తరహావే. పొడవు పెంచకుండా కప్పు ఎత్తు పెంచి, మనిషిని కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోబెట్టారు. కొత్తలో చూడ్డానికి బాగాలేవన్నవాళ్ళు కూడా పెద్దవాళ్ళ కోసం వాటినే కొన్నారు. ఇప్పుడు చిన్న ఎస్‌యూవీలు అని అమ్ముతున్నవాటిలో కొన్ని ఇదే పని చేస్తాయి, కొన్ని చేయవు. పేరు చూసి నిర్ణయించవద్దు. పొడవైన మనుషులున్న ఇంట్లో చిన్న ఎస్‌యూవీ సరిపోతుంది, అయిదడుగుల అమ్మ ఉన్న ఇంట్లో అదే ఎత్తయిపోవచ్చు.

సీటు కొంచెం తక్కువగా ఉందనిపిస్తే ఎత్తు మార్చే మీట ఉందేమో చూడండి. చాలా కార్లలో అది డ్రైవరు సీటుకు మాత్రమే ఉంటుంది, పక్క సీటుకు ఖరీదైన వేరియంట్లలోనే ఇస్తారు. కుషన్ వేయాల్సి వస్తే గట్టి స్పాంజితో చేసినది, రెండంగుళాలకు మించనిది, కింద జారనిది వేయండి. మెత్తటి దిండు వేస్తే మనిషి అందులో దిగబడతారు, ఎత్తు పెరిగిన లాభం ఉండదు. పైగా సీటుబెల్టు తుంటి ఎముకల మీద కాకుండా పొట్ట మీదికి వస్తుంది, ప్రమాదంలో అది దెబ్బ. సీటే బయటికి తిరిగే ఏర్పాటు కూడా ఉంది. 2025 చివర్లో మారుతి వ్యాగన్ ఆర్‌కు అలాంటి కిట్ తెచ్చింది. నడుం తిప్పడం బొత్తిగా కష్టమైనవాళ్ళకు ఇలాంటివి వరం. బజార్లో దొరికే మామూలు తిరిగే కుషన్లు మాత్రం కదిలే కారులో వాడకండి.

సీటు తర్వాత తలుపు. దీని సంగతి షోరూమ్‌లో సరిగా తెలియదు, ఎందుకంటే అక్కడ చుట్టూ బోలెడు ఖాళీ ఉంటుంది. మామూలు కార్ల తలుపు అరవై, డెబ్బై డిగ్రీల దాకా తెరుచుకుంటుంది. టాటా ఆల్ట్రోజ్ 2020లో, పంచ్ 2021లో తొంభై డిగ్రీలు తెరుచుకునే తలుపులతో వచ్చాయి. వెనక్కి తిరిగి కూర్చునే మనిషికి ఆ అదనపు చోటు నిజంగా ఉపయోగం. వాకర్‌ను సీటు దగ్గరదాకా తెచ్చుకోవచ్చు, సాయం చేసే మనిషి కూడా పక్కన నిలబడొచ్చు. కానీ అంత తెరుచుకున్న తలుపును లోపల కూర్చున్న పెద్దవాళ్ళు తామే వేసుకోలేరు, పిడి చేతికి అందదు. బయట ఎవరో ఒకరుండి వేయాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్తంభాల మధ్య కారు పెట్టేవాళ్ళకు తొంభై డిగ్రీలు ఎటూ దక్కవు. అలాంటిచోట కారును ముందు బయటికి తీసి, తర్వాత ఎక్కించుకోవడమే మార్గం.

తలుపు ఎంత తెరుచుకుంటుందో చూసినట్టే ఎక్కడెక్కడ ఆగుతుందో కూడా చూడండి. తెరుస్తుంటే టక్, టక్ మని రెండు మూడు చోట్ల పట్టు దొరకాలి. ఆ పట్టు గట్టిగా ఉండాలి. ర్యాంపు మీదో, రోడ్డు అంచున ఒక పక్కకు ఒరిగినచోటో కారు ఆపితే పట్టు లేని తలుపు దానంతట అదే వెనక్కి వచ్చి దిగుతున్న మనిషి కాలికి తగులుతుంది. కాస్త వాలుగా ఉన్నచోట ఆపి, తలుపు సగం తెరిచి వదిలి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. బయటి పిడి నాలుగు వేళ్ళూ పట్టి లాగేలా ఉండాలి. ఈమధ్య తలుపులో కలిసిపోయేలా పెడుతున్న చదును పిడులు వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళను ఇబ్బంది పెడతాయి. లోపల కప్పుకు ఉండే పట్టుకునే పిడి ముందు ఎడమ సీటు దగ్గర ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే పెద్దవాళ్ళు తలుపు అద్దం అంచు పట్టుకుని లేస్తారు. తలుపు కదిలిందంటే మనిషి దాంతోపాటే పోతారు.

మనవాళ్ళు గౌరవమని పెద్దవాళ్ళను వెనక సీట్లో కూర్చోబెడతారు. నా లెక్కన వాళ్ళకు ముందు ఎడమ సీటే మంచిది. వెనక తలుపు కింది భాగం చక్రం ఉబ్బు వల్ల కోసుకుపోయి ఉంటుంది, కాళ్ళు తిప్పేచోటే ఇరుకు. కప్పు వెనక్కి వాలుగా ఉన్న కార్లలో తల మరీ వంచాలి, మెడ పట్టేసినవాళ్ళకు అది సాధ్యం కాదు. ముందు సీటునైతే ఎక్కేముందే పూర్తిగా వెనక్కి జరపొచ్చు, వీపు కాస్త వాల్చొచ్చు. ఎక్కాక కూడా సీటును వెనక్కే ఉంచండి. డాష్‌బోర్డుకూ ఛాతీకీ మధ్య కనీసం పది అంగుళాల దూరం లేకపోతే ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు బలహీనమైన ఎముకలకు దానివల్లే దెబ్బ తగలొచ్చు.

కుదుపుల విషయంలో కూడా ముందు సీటుదే పైచేయి. చిన్న కార్లలో వెనక సీటు దాదాపు వెనక చక్రాల మీదే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ముందువాళ్ళకు ఊపు తెలిస్తే వెనకవాళ్ళకు ఎగరేసినట్టుంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్ కుర్రాళ్ళు నున్నటి హైవే మీద వేగంగా తిప్పి చూపిస్తారు. పెద్దవాళ్ళ ప్రయాణాలు ఎక్కువగా ఊళ్ళోనే, ఇరవై, ముప్ఫై వేగంలోనే. మీ వీధి మలుపులోని స్పీడ్ బ్రేకర్‌ను పదిహేను వేగంలో దాటించండి, ప్యాచ్‌లు వేసిన రోడ్డు మీద పాతికలో నడిపించండి. అమ్మ నడుం ఏమంటుందో అక్కడే తెలుస్తుంది.

ఇక్కడ టైరు మీది అంకెలు చదవడం తెలిస్తే చాలా డబ్బు, చాలా నొప్పి మిగులుతాయి. 165/80 R14 అని ఉంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 195/55 R16 అని ఉంటే పక్క గోడ 107 మిల్లీమీటర్లే. గుంత దెబ్బను మొదట మింగేది ఆ రబ్బరు గోడా, అందులోని గాలీ. రిమ్ము పెద్దదై గోడ చిన్నదైనకొద్దీ ఆ దెబ్బ స్ప్రింగులకూ, అక్కడినుంచి సీటుకూ చేరుతుంది. ఒకే మోడల్‌లో పైరకం వేరియంట్‌కు పెద్ద అలాయ్ చక్రాలు ఇస్తారు. అవి చూడముచ్చటగా ఉంటాయి. పెద్దవాళ్ళ కోసమైతే చిన్న రిమ్ము ఉన్న కింది వేరియంటే మెరుగు. టెస్ట్ డ్రైవ్‌కు ముందు గాలి కూడా చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీ మీద ఉంటుంది. గాలి ఎక్కువగా కొట్టి ఉన్న టైర్లతో మంచి కారు కూడా బిగుసుకుపోయినట్టే అనిపిస్తుంది.

సీటు మెత్తగా ఉంటే సుఖమన్నది పది నిమిషాల మాట. మరీ మెత్తటి సీట్లో నడుం లోపలికి కూరుకుపోతుంది, గంట గడిచేసరికి నొప్పి మొదలవుతుంది, ఎత్తు కూడా ఒకట్రెండు అంగుళాలు తగ్గుతుంది. కాస్త గట్టిగా ఉండి తొడలకు మోకాలి దగ్గరిదాకా ఆసరా ఇచ్చేది చూడండి. టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట ఉండాలనేది ఇందుకే.

ఇక నడిపే నాన్నల సంగతి. నలభై, యాభై ఏళ్ళు క్లచ్ తొక్కిన పెద్దాయనకు ఎడమ మోకాలు నొప్పి పెడుతుంటే ఆటోమేటిక్ మంచిదే. అయితే ఆటోమేటిక్‌లలో చవకగా వచ్చే ఏఎమ్‌టీ వేరు, సీవీటీ వేరు. ఏఎమ్‌టీలో మామూలు గేర్‌బాక్సే ఉంటుంది, క్లచ్ తొక్కే పని మోటారు చేస్తుంది. గేరు మారేటప్పుడు ఒక క్షణం లాగుడు ఆగి తల ముందుకు ఊగినట్టవుతుంది, ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే ఊపు తగ్గుతుంది. సీవీటీలో ఈ ఊపే ఉండదు, ధర మాత్రం ఎక్కువ. సెల్లార్ ర్యాంపు ఎక్కాల్సిన ఇల్లయితే ఏఎమ్‌టీలో కారు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉండి తీరాలి.

ఆటోమేటిక్‌తో వచ్చే అసలు ప్రమాదం ఒకటుంది. కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే ఇంజిను లాగుడు చక్రాలకు అందేది కాదు, ఇందులో దూసుకుపోతుంది. వృద్ధులు ఎక్కువగా ఉండే జపాన్‌లో ఇది పెద్ద సమస్య. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురో దగ్గర 87 ఏళ్ళ పెద్దాయన ఇలాగే పెడల్ పొరబడి ఒక తల్లినీ చిన్నపాపనూ బలిగొన్నాడు. ఇలాంటి పొరపాటును పసిగట్టి బండిని ఆపే ఏర్పాటును 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లకు అక్కడ తప్పనిసరి చేస్తున్నారు. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి నేర్పడమే దారి. ఖాళీ మైదానంలో కొన్ని ఉదయాలు కేవలం నెమ్మదిగా పోనిచ్చి ఆపడం, రివర్సు తీయడం చేయించండి. ఎడమ కాలు పూర్తిగా పక్కకు పెట్టి, రెండు పెడళ్ళకూ కుడికాలే వాడాలి. ఎడమ కాలు అలవాటుకొద్దీ క్లచ్ వెతుక్కుంటూ బ్రేకు మీద పడటం మొదట్లో అందరికీ జరుగుతుంది. అప్పుడే సెల్లార్లోకి, సందుల్లోకి పంపకండి.

మిగతా మీటల విషయంలో నాది ఒకటే పట్టు. ఏసీ చల్లదనం, ఫ్యాను, అద్దం మీది మంచు తుడిచేది, హజార్డ్ లైట్లు, ఈ నాలుగూ తెర మీద వెతుక్కునేలా కాకుండా చేత్తో తిప్పే, నొక్కే బటన్లుగా ఉండాలి. చత్వారం అద్దాలు మారుస్తూ తెర మీద బొమ్మ వెతుక్కుంటే రోడ్డు మీద చూపు ఉండదు. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి హారన్, వైపర్లు, ఇండికేటర్లు, హజార్డ్ లైట్లకు విడి బటన్లో మీటలో లేని కార్లకు మార్కులు తగ్గిస్తోంది. పుష్ బటన్ స్టార్ట్ కొంతమందికి బాగుంటుంది, కొంతమంది ఇంజిను ఆపకుండానే తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోతారు. ఇంట్లో గ్యాసు, గీజరు ఆపడం మరిచిపోయే అలవాటు మొదలైందంటే తిప్పే తాళమే నయం. గీత దాటగానే స్టీరింగ్‌ను లాగే, కూతలు పెట్టే ఏర్పాట్లు మన రోడ్ల మీద పెద్దవాళ్ళను బెదరగొడతాయి. వాటిని ఆపడం ఎలాగో, ఆపితే మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు వాటంతట అవే వస్తాయో రావో డెలివరీ రోజే అడిగి తెలుసుకోండి.

లైసెన్సు తేదీ కూడా చూసుకోండి. యాభై అయిదు దాటాక రెన్యువల్ చేయించిన లైసెన్సు అయిదేళ్ళే చెల్లుతుంది, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. గడువు తీరిన లైసెన్సుతో నడిపి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కొర్రీ పెడుతుంది. ఆ ఫారం సంతకం మొక్కుబడిగా కానివ్వకుండా అదే రోజు కంటి డాక్టరుకు కూడా చూపిస్తే శుక్లాలు, రాత్రి చూపు సంగతి తేలుతుంది.

మా అన్నయ్య చివరికి ఆ ఎత్తయిన హ్యాచ్‌బ్యాక్‌నే కొన్నాడు. చిన్న రిమ్ముల వేరియంట్, హిల్ హోల్డ్ ఉన్న ఏఎమ్‌టీ. హైవే మలుపుల్లో కాస్త ఊగుతుంది, ఎనభై దాటితే చప్పుడు పెరుగుతుంది. పెదనాన్నగారు అరవై దాటించరు కాబట్టి అవి వాళ్ళకు లెక్కలోకి రావు. డిక్కీలో మడత వాకర్ పడుతుంది. అతను అనుకున్న బండి ధరలో సగం కూడా కాలేదు.

దూరాన ఉండి కారు కొనిచ్చే పిల్లలకు ఒక మాట. ఫోన్‌లో బొమ్మలు చూసి బుక్ చేయకండి. అడిగితే చాలా షోరూమ్‌లు టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే పంపుతాయి. అమ్మను రోజూ కట్టుకునే చీరలో, రోజూ వేసుకునే చెప్పులతో, మీ ఇంటి గేటు ముందే ఆ కారు మూడుసార్లు ఎక్కి దిగమనండి. ఆ పూట ఫోన్‌లో వీడియో పెట్టి చూడండి. మూడోసారి కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగితే, అప్పుడు బుకింగ్ డబ్బు కట్టండి.